ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్: ఎమ్మార్వో ఆఫీసులో ఎలా తీసుకోవాలి, పెన్షన్‌కి, ఆస్తికి ఎక్కడ చెల్లుతుంది

ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ళ ఫైళ్ళు నా టేబుల్ మీదికి చాలా ఏళ్ళు వచ్చాయి. అందులో ఎక్కువ ఫైళ్ళు తిరిగి వెళ్ళింది ఒకే కాగితం దగ్గర. తహసీల్దార్ ఇచ్చిన కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, అంటే అందరం ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అనేది. అది లేక కాదు. ఉండేది, కానీ అందులో ఒక పేరు తక్కువయ్యేది. "మృతుని తల్లి జీవించి ఉన్నారా, లేదా తెలియజేయవలెను" అని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపితే, ఆ వాక్యానికి జవాబు రావడానికి రెండు మూడు నెలలు పట్టేది. అన్ని నెలలూ ఆ ఇంట్లో జీతం లేదు, పెన్షన్ లేదు.

అందుకే ఈ సర్టిఫికెట్ గురించి ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇది "కుటుంబంలో ఎవరెవరు ఉన్నారు" అని చెప్పే కాగితం. "ఎవరికి ఎంత వస్తుంది" అని చెప్పేది కాదు. ఈ తేడా తెలిస్తే అప్లికేషన్‌లో ఎవరి పేరూ వదిలేయరు, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో కూడా మీకే తెలిసిపోతుంది.

చెప్పడానికి వీలుగా ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాయన సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. ఇంట్లో భార్య, ఇరవై ఏడేళ్ళ కొడుకు, పెళ్ళయి అత్తారింట్లో ఉన్న కూతురు, డెబ్బై ఎనిమిదేళ్ళ తల్లి. తండ్రి ఎప్పుడో పోయారు. బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దానికి నామినీ లేరు. ఊళ్ళో ఆయన సొంతంగా కొన్న ఎకరంన్నర పొలం ఉంది. జీపీఎఫ్‌కి భార్య పేరు మీద నామినేషన్ ఇచ్చారు గానీ, గ్రాట్యుటీకి ఇవ్వలేదు.

అసలు మీకు కావాలా?

చనిపోయినాయన అప్పటికే రిటైరై పెన్షన్ తీసుకుంటూ, ఆయన పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో (పీపీఓ అంటారు) భార్య పేరు, జంట ఫోటో ఉంటే, ఫ్యామిలీ పెన్షన్ మొదలవడానికి ఈ సర్టిఫికెట్‌తో పని ఉండదు. పీపీఓ, మరణ ధృవీకరణ పత్రం, ఆవిడ ఆధార్, బ్యాంకు పాస్ బుక్ పట్టుకుని ట్రెజరీకో, పెన్షన్ వచ్చే బ్యాంకుకో వెళ్తే చాలు. ఆ విషయం తెలియక ముందు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి, నెలల తర్వాత ట్రెజరీకి వచ్చినవాళ్ళని చూశాను. అలాంటప్పుడు ఇంట్లో పీపీఓ ఎక్కడుందో ముందు వెతకండి.

సర్టిఫికెట్ తప్పనిసరిగా కావలసింది మూడు సందర్భాల్లో. ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే. పీపీఓలో భార్య పేరు లేకపోతే, లేదా ఆవిడ కూడా పోయి పిల్లలు అడుగుతుంటే. నామినేషన్ లేని డబ్బు ఏదైనా ఉంటే. మనం అనుకున్న కుటుంబంలో మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నాయి.

మొదటి పని: పేర్లు ఒక తెల్లకాగితం మీద రాయండి

ఆఫీసుకి వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఇది. చనిపోయినాయన పేరు పైన రాసి, కింద భార్య, పిల్లలు అందరూ, తల్లి, తండ్రి. పెళ్ళయిన కూతుళ్ళు, వేరు కాపురం ఉన్న కొడుకులు, విదేశాల్లో ఉన్నవాళ్ళు కూడా. ముందే చనిపోయిన కొడుకో కూతురో ఉంటే, వాళ్ళ పేరు పక్కన "మరణించారు" అని రాసి, వాళ్ళ భార్య, పిల్లల పేర్లు కింద రాయండి. ఆ మనవళ్ళకీ, కోడలికీ ఆస్తిలో హక్కు ఉంటుంది.

ఇక్కడే చాలామంది తల్లిని వదిలేస్తారు. "పెన్షన్ అమ్మకి రాదు కదా, కోడలికే కదా" అంటారు. నిజమే, భార్య ఉండగా పెన్షన్ తల్లికి రాదు. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి మొదటి తరగతి వారసురాలు. కొడుకు సొంత ఆస్తిలో, బ్యాంకు డబ్బులో ఆవిడకి భార్యతో, పిల్లలతో సమాన వాటా ఉంది. తండ్రి మాత్రం మొదటి తరగతిలో లేరు, ఆయన బతికి ఉన్నా మొదటి తరగతి వారసులు ఉన్నంతవరకు వాటా రాదు. అయినా సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉంటేనే మంచిది, ఇది వాటాల కాగితం కాదు కదా. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాటాల లెక్క వేరే చట్టాలతో నడుస్తుంది గానీ, సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి అందరికీ ఒకటే.

అదే కాగితం మీద ప్రతి పేరు పక్కన, ఏ కాగితంలో ఆ పేరు ఎలా ఉందో రాసుకోండి. సర్వీస్ రిజిస్టర్‌లో భార్య పేరు "వెంకట లక్ష్మి", ఆధార్‌లో "వెంకటలక్ష్మమ్మ", రేషన్ కార్డులో "లక్ష్మి". మనకి ముగ్గురూ ఒక్కరే. పెన్షన్ సెక్షన్‌లో కూర్చున్న మనిషికి ముగ్గురు మనుషులు. ఇంకో పెళ్ళి ఉందేమో అన్న అనుమానం మొదలయ్యేది ఇలాంటి చోటే. సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్న పేరుని ఆధారంగా పెట్టుకోండి, ఎందుకంటే అది మనిషి బతికి ఉండగా ఆయన స్వయంగా ఇచ్చినది. మిగతా కాగితాల్లో తేడా ఉంటే, "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి జత చేయండి. చనిపోయినాయన పేరులోనే తేడా ఉంటే మాత్రం మరణ ధృవీకరణ పత్రాన్ని ముందే సరిచేయించుకోండి. అది సరికాకుండా ముందుకెళ్తే ప్రతి ఆఫీసులోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది.

మరణ నమోదు 21 రోజుల లోపు అయితే తేలిక. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాల్సి వస్తుంది. ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో పోయినప్పుడు ఆ దుఃఖంలో ఇది మరిచిపోతుంటారు. మూడో రోజో పదో రోజో బంధువుల్లో ఒకరు పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్ళి నమోదు చేయిస్తే, తర్వాత ఎంతో టెన్షన్ తప్పుతుంది. కాపీలు పదైనా తీసుకోండి, అడగని ఆఫీసు ఉండదు.

రెండో పని: అప్లికేషన్

చనిపోయినాయన స్థిర నివాసం ఏ మండలంలో ఉందో ఆ మండల తహసీల్దారే సర్టిఫికెట్ ఇస్తారు. పనిచేసిన ఊరు వేరు, సొంతూరు వేరు అయినప్పుడు తికమక వస్తుంది. కుటుంబం ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న చోటు, ఇరుగుపొరుగు వాళ్ళని గుర్తుపట్టే చోటు, ఆధార్, రేషన్ కార్డు ఉన్న చోటు ఏదైతే అక్కడ పెట్టండి. విచారణలో "అవును, వీళ్ళు మాకు తెలుసు" అని చెప్పే మనుషులు కావాలి కాబట్టి.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ అప్లికేషన్ ఇవ్వాలి. తెలంగాణలో మీసేవలో. ఫారంతో పాటు మరణ ధృవీకరణ పత్రం, అందరి ఆధార్ కాపీలు, రేషన్ కార్డు, ఉద్యోగి అయితే ఆఫీసు నుంచి సర్వీస్ వివరాలు ఉన్న లెటర్ లేదా పీపీఓ కాపీ, నోటరీ అఫిడవిట్ పెట్టండి. భర్త పనిచేసిన ఆఫీసు నుంచి "ఫలానా ప్రయోజనాల కోసం కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం అవసరం" అని ఒక లెటర్ తెచ్చుకుంటే విచారణ చేసేవాళ్ళకి కూడా నమ్మకం కుదురుతుంది. ఆ లెటర్ ఇవ్వమని సూపరింటెండెంట్‌ని అడగడానికి మొహమాట పడకండి.

అఫిడవిట్‌ని టైపు సెంటర్‌లో పాత నమూనా మీద పేర్లు మార్చి ఇచ్చేస్తుంటారు. సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి. అందులో ఇలాంటి మాటలు ఉండాలి:

> "నా భర్త ఫలానా తేదీన మరణించారు. ఆయనకు నేను ఒక్కదాన్నే భార్యను. ఆయనకు ఈ కింద తెలిపిన భార్య, కుమారుడు, వివాహిత కుమార్తె, తల్లి తప్ప వేరే కుటుంబ సభ్యులు ఎవరూ లేరు. ఆయన తండ్రి ఇంతకు ముందే మరణించారు. ఎవరినీ దాచిపెట్టలేదు. ఈ ధృవీకరణ పత్రం ఫ్యామిలీ పెన్షన్, గ్రాట్యుటీ, ఇతర సర్వీసు ప్రయోజనాలు, బ్యాంకు డిపాజిట్, పొలం మ్యుటేషన్ కోసం అవసరం."

"తప్ప వేరే ఎవరూ లేరు" అన్నది ముఖ్యమైన వాక్యం. దాని మీదే తర్వాత నిలబడాలి. అందులో తప్పు చెప్తే, తర్వాత ఎవరైనా బయటికి వచ్చి ఫిర్యాదు చేస్తే సర్టిఫికెట్ రద్దు కావడమే కాదు, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాల్సి రావొచ్చు.

ప్రయోజనం రాసేచోట "పెన్షన్" అని ఒక్క మాట రాసి వదలొద్దు. సర్టిఫికెట్ మీద ఏ పని కోసం అని ఉంటుందో, తీసుకునే ఆఫీసులు అదే చూస్తాయి. పెన్షన్ కోసం అని ఇచ్చిన దాన్ని బ్యాంకులో పెడితే "ఇది మాకు కాదండీ" అంటారు.

మూడో పని: విచారణ రోజు ఇంట్లో ఉండండి

ఆంధ్రప్రదేశ్‌లో విచారణకి వీఆర్వో వస్తారు, తర్వాత ఆర్‌ఐ రిపోర్టు రాస్తారు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయినప్పటి నుంచి ఈ పనిలో ఆర్‌ఐ పాత్ర పెద్దది. ఎవరు వచ్చినా అడిగేది ఒకటే: ఈ ఇంట్లో ఎవరున్నారు, ఇంకెవరైనా ఉన్నారా? పక్కింటివాళ్ళు ఇద్దరి ముగ్గురి వాంగ్మూలం తీసుకుని సంతకాలు పెట్టిస్తారు.

ఆ రోజు తల్లిని ఆ ఇంట్లోనే ఉండమనండి. వేరే కొడుకు దగ్గర ఉంటుంటే ఒక్క పూటకి తీసుకురండి. పెళ్ళయిన కూతురు రాగలిగితే ఇంకా మంచిది, రాలేకపోతే ఆమె ఆధార్ కాపీ, ఫోన్ నంబర్ సిద్ధంగా ఉంచండి. కూతురు అమెరికాలో ఉన్నా ఆమె రావాల్సిన పని లేదు. పేరు ఉండటం ముఖ్యం, మనిషి ఉండటం కాదు.

అప్లికేషన్ రసీదు నంబర్ దాచుకుని వారానికోసారి స్థితి చూసుకోండి. ఎక్కడ ఆగిందో (వీఆర్వో దగ్గరా, ఆర్‌ఐ దగ్గరా, తహసీల్దార్ లాగిన్‌లోనా) అందులో తెలుస్తుంది. ఆగిన చోటికే వెళ్ళి అడిగితే పని జరుగుతుంది, ఊరికే ఆఫీసు వరండాలో నిలబడితే జరగదు.

అప్లికేషన్ తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావొద్దు. కారణం రాసి ఇమ్మని అడగండి. కాగితాలు తక్కువై తిరస్కరిస్తే వాటిని జత చేసి మళ్ళీ పెట్టుకోవచ్చు, ఆర్డీఓకి అర్జీ కూడా ఇవ్వచ్చు. ఇంకో భార్య ఉందనో, దత్తత కొడుకు ఉన్నాడనో గొడవ వల్ల తిరస్కరిస్తే మాత్రం ఆ దారిలో తిరగడం దండగ. అది తేల్చే అధికారం తహసీల్దార్‌కి లేదు, సివిల్ కోర్టుకే ఉంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే

అక్కడే, కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. నా టేబుల్ మీదికి వచ్చిన ఒక సర్టిఫికెట్‌లో కూతురి పేరు ఎదురుగా బంధుత్వం "భార్య" అని పడింది, అసలు భార్య పేరు ఎదురుగా "కూతురు" అని ఉంది. వయసులు మాత్రం సరిగానే ఉన్నాయి. చూసినవాళ్ళెవరికైనా తప్పని తెలుస్తుంది, కానీ సంతకం పెట్టి పెన్షన్ మంజూరు చేసేవాళ్ళు దాన్ని దాటవేయలేరు. ఆ తల్లీకూతుళ్ళు దాని కోసం మళ్ళీ మొదటి నుంచి రావాల్సి వచ్చింది.

కాబట్టి ఇవి చూడండి: అందరి పేర్లూ ఉన్నాయా, బంధుత్వం సరిగా ఉందా, వయసు సరేనా, కూతురి పేరు పక్కన పెళ్ళయిందో లేదో రాశారా, మరణించిన తేదీ మరణ ధృవీకరణ పత్రంతో కలుస్తుందా, ప్రయోజనం ఏమని రాశారు. ఒరిజినల్‌ని లామినేషన్ చేయించకండి. కొన్ని ఆఫీసుల్లో దాని వెనక స్టాంపు వేయాల్సి వస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క: ఒకే సర్టిఫికెట్, నాలుగు రకాల జవాబులు

మన కుటుంబం సర్టిఫికెట్‌లో నాలుగు పేర్లు ఉన్నాయి. భార్య, కొడుకు, కూతురు, తల్లి. ఇప్పుడు ఒక్కో డబ్బు ఎవరికి వెళ్తుందో చూడండి.

ఫ్యామిలీ పెన్షన్ భార్యకి మాత్రమే. భర్త పనిచేసిన ఆఫీసు పెన్షన్ పేపర్లు తయారుచేసి అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి పంపుతుంది. అక్కడి నుంచి పీపీఓ వస్తుంది. సర్టిఫికెట్‌లో మిగతా ముగ్గురి పేర్లు ఉన్నందువల్ల ఆవిడ పెన్షన్ ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇది కోడళ్ళకి ముందే చెప్తే, అత్తగారి పేరు రాయించడానికి భయపడరు.

జీపీఎఫ్ డబ్బుకి నామినేషన్ ఉంది కాబట్టి భార్య చేతికే ఇస్తారు. ఇక్కడ సర్టిఫికెట్ పని చాలా తక్కువ.

గ్రాట్యుటీకి నామినేషన్ లేదు. అప్పుడు పెన్షన్ రూల్స్ చెప్పే వరుస ప్రకారం భార్యకి, కొడుకులకి, పెళ్ళికాని కూతుళ్ళకి సమానంగా పంచుతారు. ఈ గుంపులో ఎవరైనా ఉంటే తల్లికి, పెళ్ళయిన కూతురికి రాదు. గ్రాట్యుటీ 12 లక్షలు అనుకుంటే, భార్యకి 6 లక్షలు, కొడుక్కి 6 లక్షలు. కొడుకు పెద్దవాడైనా, ఉద్యోగం చేస్తున్నా అతని వాటా అతనిదే. ఇందుకే సర్టిఫికెట్‌లో కూతురి పెళ్ళి వివరం అంత ముఖ్యం. ఆ ఒక్క మాట లేకపోతే లెక్క ముగ్గురికి వేయాలో ఇద్దరికి వేయాలో తెలియక ఫైలు ఆగిపోతుంది.

బ్యాంకు డిపాజిట్ 6 లక్షల దగ్గర కథ మారిపోతుంది. ఇక్కడ పెన్షన్ రూల్స్ పనిచేయవు, వారసత్వ చట్టం పనిచేస్తుంది. భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురూ సమానం, ఒక్కొక్కరికి లక్షన్నర. పెళ్ళయిన కూతురికి, తల్లికి కూడా. గ్రాట్యుటీ దగ్గర లెక్కలోకి రాని ఇద్దరూ ఇక్కడ హక్కుదారులు.

రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో చనిపోయిన ఖాతాదారుల క్లెయిముల మీద కొత్త ఆదేశాలు ఇచ్చింది. నామినీ లేకపోయినా, వారసుల మధ్య గొడవ లేకపోతే, వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ అడగకుండానే తేల్చాలి. క్లెయిం ఫారం, మరణ ధృవీకరణ పత్రం, తర్వాత బ్యాంకుకి నష్టం వస్తే మేమే భరిస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు, డబ్బు తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న లెటర్, వారసులు ఎవరో చూపే పత్రం ఇవ్వాలి. ఆ చివరి పత్రం దగ్గర మన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. ఆ కుటుంబం తెలిసిన, వారసత్వంతో సంబంధం లేని వ్యక్తి డిక్లరేషన్ ఇచ్చే వీలు కూడా అందులో ఉంది. అన్ని కాగితాలూ అందిన 15 రోజుల్లో బ్యాంకు పని ముగించాలి. కాబట్టి కాగితాలు ఇచ్చినప్పుడు తేదీతో రసీదు తప్పకుండా తీసుకోండి. పై పరిమితి దాటిన మొత్తాలకి బ్యాంకు ఇంకా గట్టి కాగితాలు, సక్సెషన్ సర్టిఫికెట్ లాంటివి అడగవచ్చు.

మన కుటుంబంలో కొడుకూ కూతురూ డబ్బంతా అమ్మకే ఇవ్వమంటే, వాళ్ళు అభ్యంతరం లేదని సంతకం పెడితే చాలు. బామ్మ కూడా పెట్టాలి. వేలిముద్ర వేసేవాళ్ళయితే ఆవిడకి విషయం చదివి వినిపించి, సాక్షుల ముందు వేయించండి. విదేశాల్లో ఉన్న కూతురు అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం అటెస్ట్ చేయించి పంపవచ్చు.

బ్యాంకులో నామినీ ఉన్నా సరే, ఆ నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ సొంతదారు కాదు. ఇన్సూరెన్స్ విషయంలో సుప్రీం కోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. తర్వాత 2015లో బీమా చట్టం మారి, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే బీమా డబ్బు వాళ్ళదేనని వచ్చింది. బ్యాంకు డబ్బుకి ఆ మార్పు లేదు.

పొలం దగ్గర జాగ్రత్త

ఎకరంన్నర పొలానికి ఫౌతీ మ్యుటేషన్ (తెలంగాణలో విరాసత్ అంటారు) చేయించడానికి ఈ సర్టిఫికెట్ పనికొస్తుంది. తహసీల్దార్ నోటీసు ఇచ్చి, వారసులందరి మాట విని, రికార్డులో పేర్లు మారుస్తారు. అందరికీ సమ్మతమైతేనే తేలిగ్గా అవుతుంది.

కానీ మ్యుటేషన్ అయినంత మాత్రాన పొలం ఒకరి సొంతం అయిపోదు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కింది, అంతే. కొడుకు ఒక్కడే సాగు చేస్తాడని అతని ఒక్కడి పేరే ఎక్కించి, తర్వాత పదేళ్ళకి అమ్మబోతే, కొనేవాళ్ళ లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసి "మీ అక్క, బామ్మ సంతకాలేవి?" అని అడుగుతారు. మిగతావాళ్ళు తమ వాటా వదులుకోదలిస్తే, సబ్ రిజిస్ట్రార్ దగ్గర హక్కు విడుదల దస్తావేజు గానీ భాగ పంపకాల దస్తావేజు గానీ రిజిస్టర్ చేయించండి. తెల్లకాగితం మీద సంతకాలు ఇక్కడ నిలవవు.

బామ్మ తర్వాత పోతే?

సర్టిఫికెట్ వచ్చిన ఆరు నెలలకి, బ్యాంకు డబ్బు తీసుకోకముందే బామ్మ కూడా పోయారనుకోండి. "ఆవిడ లేరు కదా, పేరు తీసేయిద్దాం" అని కొత్త అప్లికేషన్ పెడతారు. అది తప్పు. కొడుకు పోయిన రోజున ఆవిడ బతికే ఉన్నారు, ఆ రోజే ఆవిడ లక్షన్నర ఆవిడదైంది. ఇప్పుడది ఆవిడ వారసులకి వెళ్తుంది. బామ్మకి ఇంకో కొడుకు, ఒక కూతురు ఉంటే, ఆ లక్షన్నర మూడు భాగాలవుతుంది. వాళ్ళిద్దరికీ చెరి 50 వేలు, చనిపోయిన పెద్దకొడుకు పిల్లలిద్దరికీ కలిపి 50 వేలు, అంటే తలా 25 వేలు. కోడలికి ఆ భాగంలో రాదు. అప్పుడు బామ్మ పేరు మీద ఇంకో మరణ ధృవీకరణ పత్రం, ఇంకో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. బ్యాంకులో బాబాయి, మేనత్త సంతకాలు కూడా కావాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడు బ్యాంకు పని ముందు ముగించమని నేను చెప్పేది అందుకే.

రెండో భార్య ఉన్న కుటుంబాలు

మొదటి భార్య బతికి, విడాకులు లేకుండా ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. కాబట్టి ఆ రెండో ఆవిడకి భార్య హోదాలో ఫ్యామిలీ పెన్షన్ రాదు. కానీ ఆవిడ పిల్లలు చట్టం దృష్టిలో ఆయన సొంత పిల్లలే. వాళ్ళకి తండ్రి ఆస్తిలో వాటా ఉంది, అర్హత వయసులో ఉంటే పెన్షన్ ప్రయోజనాల్లోనూ హక్కు ఉందని సుప్రీం కోర్టు 2000లో ఒక బీహార్ ఉద్యోగి కేసులో చెప్పింది.

ఇలాంటి ఇంట్లో సర్టిఫికెట్‌లో ఆ పిల్లల పేర్లు దాచాలన్న ఆలోచన మొదటి కుటుంబానికి వస్తుంది. బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లలు అభ్యంతరం పెట్టిన రోజున మీ పెన్షన్ కూడా ఆగుతుంది. పిల్లల పేర్లు రాయించండి. రెండో ఆవిడ భార్యనని పట్టుబడితే తహసీల్దార్ సర్టిఫికెట్ ఇవ్వరు. అప్పుడు సివిల్ కోర్టులో ఎవరు వారసులో ప్రకటించమని దావా వేయాలి. బ్యాంకు డబ్బు, షేర్లు లాంటి వాటికి 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సక్సెషన్ సర్టిఫికెట్ కోసం పిటిషన్ వేయాలి. ఆ సక్సెషన్ సర్టిఫికెట్ పొలాలకి, ఇళ్ళకి వర్తించదు. చనిపోయినాయనకి రావాల్సిన అప్పులు, డిపాజిట్లు, సెక్యూరిటీలకే. పొలం కోసం దాన్ని తెచ్చుకోమని ఎవరైనా చెప్తే, ఫీజు కట్టే ముందు ఇంకో లాయర్‌ని అడగండి.

కోర్టులో నెలలు పడతాయి. ఆ లోపల పిల్లల చదువు ఆగకుండా, భర్త పనిచేసిన ఆఫీసుకి ఒక అర్జీ రాసి ఇవ్వండి. వివాదం లేని ప్రయోజనాలు, అంటే నామినేషన్ ఉన్న జీపీఎఫ్ లాంటివి, వాటిని మిగతా వాటితో కలపకుండా ముందుగా ఇమ్మని అడగండి. నేను సీటులో ఉన్నప్పుడు అలాంటి అర్జీ ఉన్న ఫైల్‌ని విడిగా తీసి ముందు కదిపేవాళ్ళం. అర్జీ లేకపోతే అన్నీ ఒకే కట్టలో ఉండిపోయేవి.